కాలేజీలో సిగరెట్ మాన్పించే క్యాంపెయిన్: పోస్టర్ కంటే ముందు నాలుగు ప్రశ్నలు

ప్రశ్న: ఎంపీహెచ్ రెండో ఏడాది చదువుతున్నాను. ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలతో పొగాకు మాన్పించే క్యాంపెయిన్ డిజైన్ చేయాలి. హెల్త్ బిలీఫ్ మోడల్, స్టేజెస్ ఆఫ్ చేంజ్ రెండూ వాడమన్నారు. ఈ రెండూ ఎలా కలుస్తాయో అర్థం కావట్లేదు. ఫీల్డ్‌లో చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

నేను చేశాను, మొదటిసారి బాగా బోర్లాపడ్డాను కూడా, కాబట్టి అక్కడి నుంచే చెప్తాను. ఒక ఇంజినీరింగ్ కాలేజీ బాయ్స్ హాస్టల్లో నోటి క్యాన్సర్ ఫొటోలతో పెద్ద పోస్టర్లు అంటించాం. రెండో రోజుకే ఒకదాని కింద ఎవరో తమకి నచ్చని లెక్చరర్ పేరు రాసిపెట్టారు, మెస్ దగ్గర అదే జోకు. వాళ్లని అనుకుని లాభం లేదు. 2016 నుంచి సిగరెట్ ప్యాకెట్ మీద 85 శాతం అలాంటి బొమ్మే ఉంటోంది, చూసీ చూసీ కళ్లు మొద్దుబారిపోయాయి. పైగా వీళ్లలో చాలామంది ప్యాకెట్ కొనరు, బడ్డీ కొట్లో సింగిల్ కొంటారు, ఆ బొమ్మ అసలు చేతికే రాదు.

హెల్త్ బిలీఫ్ మోడల్ 1950ల్లో అమెరికా పబ్లిక్ హెల్త్ సర్వీస్‌లో పుట్టింది. టీబీ ఉందో లేదో ఎక్స్‌రే తీసి చెప్తామంటే జనం ఎందుకు రావట్లేదు అన్నది అప్పటి సమస్య. తేలిందేమిటంటే జబ్బు పెద్దదని తెలిస్తే సరిపోదు, అది నాకూ రావచ్చు అనిపించాలి, చేయమన్న పని వల్ల లాభం కనపడాలి, అడ్డంకులు భరించేలా ఉండాలి, ఇప్పుడే చెయ్ అని గుర్తుచేసేది ఏదో ఒకటి ఎదురవ్వాలి. 1988లో దీనికి ‘నేను చేయగలను’ అన్న నమ్మకాన్ని కూడా కలిపారు. మా పోస్టర్ వీటిలో ఒక్క జబ్బు తీవ్రత గురించే అరిచింది. అది వాళ్లకి ముందే తెలుసు. ‘ఉద్యోగం వచ్చాక మానేస్తాలే అన్నా’ అనే ఇరవై ఏళ్ల కుర్రాడికి లేనిది, అది నాదాకా వస్తుందన్న ఊహ.

రెండు మోడళ్లు కలిసేది ఇక్కడే. అసలు ఉద్దేశమే లేకపోవడం నుంచి మానేయడం దాకా ఉన్న దారిలో మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో స్టేజెస్ ఆఫ్ చేంజ్ చెప్తుంది, అక్కడున్నవాడికి ఏ నమ్మకం తక్కువైందో హెల్త్ బిలీఫ్ మోడల్ చెప్తుంది. అందుకే రెండోసారి పోస్టర్ కంటే ముందు పేరు రాయక్కర్లేని చీటీ ఇచ్చాం. గత 30 రోజుల్లో ఒక్కసారైనా సిగరెట్, బీడీ, ఖైనీ, గుట్కా ఏదైనా వాడావా? వచ్చే ఆరు నెలల్లో మానాలని ఉందా? వచ్చే నెల రోజుల్లో? గత ఏడాదిలో కనీసం ఒక రోజు కావాలని ఆపి చూశావా? మొదటి ప్రశ్నని ‘నువ్వు స్మోకర్‌వా’ అని మాత్రం అడగొద్దు. టీతోపాటు ఒకటి, పార్టీలో మూడు తాగేవాడు తనని స్మోకర్ అనుకోడు, నిజాయితీగానే ‘కాదు’ అని రాస్తాడు, మీ లెక్క అక్కడే తప్పుతుంది.

ఆరు నెలల్లో కూడా మానే ఉద్దేశం లేనివాళ్లు మొదటి స్టేజ్, మాకు ఎక్కువమంది అక్కడే తేలారు. వాళ్ల కోసం మెస్ బయట టేబుల్ వేసి, ఊదితే ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో చూపించే చిన్న మీటర్ పెట్టాం. పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టి ఊదాలి, 10 పీపీఎం దాటితే ఈమధ్యే పొగతాగినట్టు. క్యాన్సర్ ముప్పై ఏళ్ల తర్వాతి మాట, స్క్రీన్ మీద అంకె ఇప్పటి మాట. తాగకపోతే ఆ అంకె ఒక్క రోజులోనే దిగిపోతుంది, కాబట్టి మర్నాడు వచ్చి ఊదినవాడికి మానితే వచ్చే లాభం కూడా అక్కడే కనపడుతుంది. కానీ దీంతో ఒక ప్రమాదం ఉంది. నిన్న సాయంత్రం ఒకటి తాగినవాడికి పొద్దున అంకె తక్కువే వస్తుంది, ఖైనీవాడికి అసలు పెరగదు. ఒకడు ‘చూశావా, నాకేం లేదు’ అని ఫ్రెండ్స్‌కి చూపించుకుంటూ పోయాడు. ఆ తర్వాత ఊదించేముందే ‘చివరిది ఎప్పుడు తాగావు’ అని అడగడం మొదలుపెట్టాం.

మానాలని ఉండి ఆగిపోయినవాళ్ల సంగతి వేరు. వీళ్లని ఇంకా భయపెడితే తప్పించుకు తిరుగుతారు, వీళ్లకి కావలసింది అడ్డంకి తీసేయడం. థర్డ్ ఇయర్ కుర్రాడొకడు రోజుకి ఆరు తాగేవాడు. సింగిల్ ఇరవై అనుకున్నా నెలకి 3,600. ఆ లెక్క వాడే వేసుకున్నాడు, అయినా మానలేదు. రెండుసార్లు ఆపి మూడో రోజు ఓడిపోయాడు. నికోటిన్ ఆపాక చిరాకు, తలనొప్పి ముదిరేది సరిగ్గా రెండు మూడు రోజులకే, తర్వాత కొన్ని వారాల్లో మెల్లగా తగ్గుతాయి. ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడంతో తనకి విల్ పవర్ లేదని తీర్మానించేసుకున్నాడు. నేను చేయగలనన్న నమ్మకం పోయేది ఇలాగే.

మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ కొనుక్కున్నాడు, వారానికి వచ్చి ‘అది వేస్ట్ అన్నా, ఎక్కిళ్లు వస్తున్నాయి’ అన్నాడు. ఎలా వాడుతున్నావో నా ముందు చేసి చూపించమన్నాను. బబుల్ గమ్‌లా గబగబా నమిలేశాడు, అదీ టీ తాగుతూ. ఆ గమ్‌లోని నికోటిన్ నోటి లోపలి చర్మం గుండా ఒంట్లోకి వెళ్లాలి. గబగబా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం వస్తాయి, టీ కాఫీల్లోని ఆమ్ల గుణం వల్ల నోట్లో సరిగ్గా ఇంకదు. మెల్లగా నమిలి, కారంగా అనిపించగానే బుగ్గలో పెట్టేయాలి, ఆ చురుకు తగ్గాక మళ్లీ రెండు నములు, ఇలా అరగంట. గమ్ వేసుకునే ముందు పావుగంట, అది నోట్లో ఉన్నంతసేపూ టీ తాగకూడదు. వాడికి సిగరెట్ అంటేనే టీ, కాబట్టి మొదటి రెండు వారాలు టీ బడ్డీ కొట్టు దగ్గర కాకుండా మెస్‌లో తాగమన్నాం. తర్వాత మా క్యాంపెయిన్‌లో బాగా తిరిగిన వీడియో గమ్ ఎలా నమలాలో చూపించే నలభై సెకన్లదే. పోస్టర్లకి పెట్టిన డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

మీ రిపోర్టులో ఒక పరిమితి తప్పకుండా రాయండి. 1983లో ప్రొచాస్కా, డిక్లెమెంటె అనే సైకాలజిస్టులు పొగతాగేవాళ్ల మీదే స్టేజీలని చూపించారు గానీ, ఆరు నెలలు, 30 రోజులు అన్న గీతలు ఊరికే అనుకుని గీసినవే. పొగాకు మాన్పించడం మీద పరిశోధన చేసే రాబర్ట్ వెస్ట్ లాంటివాళ్లు ఈ మోడల్‌నే పక్కన పెట్టేయాలని 2005లో రాశారు. ఏ ప్లానూ లేకుండా ఒకరోజు ఠక్కున మానేసేవాళ్లు చాలామంది ఉంటారు. కాబట్టి ‘నువ్వు మొదటి స్టేజ్, నీకు గమ్ గురించి తర్వాత చెప్తాం’ అనొద్దు. ప్యాకెట్ మీద ఉండే, మానడానికి ఫోన్‌లో సాయం చేసే 1800-11-2356 క్విట్‌లైన్ నంబర్ అన్ని స్టేజీల మెటీరియల్లోనూ ఉండాలి. సింగిల్స్ కొనేవాళ్లు ప్యాకెట్ చూడరు కదా, మేము హాస్టల్ గదుల తలుపుల లోపలివైపు అంటించాం.

కొలిచేటప్పుడు కూడా స్టేజ్ మారినవాళ్లని మానినవాళ్లుగా చూపించకండి. ‘నెలలో మానేస్తా’ అని టిక్ పెట్టడం తేలిక. గత ఏడు రోజుల్లో ఒక్కటి కూడా తాగలేదా అని క్యాంపెయిన్ అయ్యాక ఒకసారి, ఆరు నెలలకి మళ్లీ అడగండి, కుదిరితే మీటర్‌తో సరిచూడండి.

టైమింగ్ మాకు ఆలస్యంగా తట్టింది. సంక్రాంతికి ఇంటికెళ్లిన కుర్రాడు నాన్న ముందు తాగలేక నాలుగైదు రోజులు ఊరికే ఆగిపోతాడు, అంటే కష్టమైన మూడు రోజులూ తెలియకుండానే దాటేసి వస్తాడు. హాస్టల్లో దిగిన సాయంత్రం ఫ్రెండ్స్‌తో బడ్డీ కొట్టుకి వెళ్లి మళ్లీ మొదలు. మీరు మీటర్ టేబుల్ వేయాల్సింది ఆ సాయంత్రం, బ్యాగులు ఇంకా భుజానే ఉండగా, హాస్టల్ గేటు దగ్గర.