‘కుదరదు’ అన్నాక పది రోజులు ఆగి చూడు

ప్రశ్న: నాకు 26 ఏళ్లు, విజయవాడలో ఉద్యోగం. రెండు సంబంధాలు వచ్చాయి. ఒకతను చూడ్డానికి బాగుంటాడు, హైదరాబాద్‌లో రెండు ఫ్లాట్లు, శ్రావణంలోనే ముహూర్తం పెట్టేద్దాం అంటున్నారు. రెండో అతను మామూలుగా ఉంటాడు, అద్దె ఇల్లు, కానీ నెమ్మదస్తుడిలా అనిపించాడు. మొన్న ఓ యువజన సదస్సులో అందం, ఆస్తి కాదు, గుణం, ఓర్పు చూడమన్నారు. అరగంట పెళ్లిచూపుల్లో ఓర్పు ఎలా తెలుస్తుందండీ?

జవాబు: తెలియదమ్మా. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అమ్మానాన్నల పక్కన కూర్చుని, చేతిలో స్వీటు ప్లేటు పట్టుకున్నప్పుడు ఎవరైనా నెమ్మదస్తులే.

ఓర్పు బయటపడేది తను అనుకున్నది జరగనప్పుడు. కాబట్టి ఇద్దరితోనూ కొన్నాళ్లు మాట్లాడు, నిజంగా కుదరని పని ఏదైనా వచ్చినప్పుడు మొహమాటపడకుండా కుదరదని చెప్పు. ఆ క్షణంలో ఏమన్నాడన్నది పెద్ద లెక్క కాదు, ఆ తర్వాత వారం పది రోజులు ఎలా ఉన్నాడో చూడు.

నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి సంగతి చెప్తాను. నిశ్చితార్థం చీర కొనడానికి శనివారం రమ్మంటే, ఆఫీసులో ఆడిట్ ఉంది, రాలేనంది. అతను ‘సరే, నీ ఇష్టం’ అన్నాడు, గొంతు కూడా పెంచలేదు. ఎంత ఓర్పో అని మురిసిపోయింది. పది రోజుల తర్వాత వాళ్ల అక్క ముందు నవ్వుతూనే ‘ఆవిడకి ఆఫీసే ముఖ్యం లే’ అన్నాడట. పెళ్లయ్యాక ఏది కాదన్నా మూడేసి రోజులు మాటల్లేవు, అన్నం తినడు, చివరికి ప్రతిసారీ సారీ చెప్పేది ఈమే. అతను ఓర్చుకోలేదమ్మా, దాచుకున్నాడు. ఓర్పున్నవాడైతే ‘నువ్వు వస్తావనుకున్నాను, కాస్త బాధేసింది’ అని అప్పుడే చెప్పేసి, మళ్లీ ఆ మాట ఎత్తడు. నీ రెండో అతని నెమ్మది ఏ రకమో నీకింకా తెలియదు కదా!

ఇంకో మాట కూడా అడుగు: మీ ఇంట్లో ఈమధ్య జరిగిన గొడవేంటి, ఎలా తెగింది అని. చెప్పేదాంట్లో తన తప్పు ఒక్కటైనా ఉందేమో విను. ‘మా ఇంట్లో గొడవలే ఉండవండీ’ అంటే మాత్రం నేనైతే నమ్మను.

అద్దె ఇల్లుంది కాబట్టి గుణవంతుడు, ఫ్లాట్లున్నాయి కాబట్టి పొగరుబోతు అని మాత్రం లెక్కలేసుకోకు (సదస్సుల్లో ఒక్కోసారి అలాగే వినిపిస్తుంది). ఇద్దరినీ జీతమెంత, అప్పులేంటి, ఇంటికి నెలకెంత ఇస్తావు అని సూటిగా అడుగు, నీవీ చెప్పు. కట్నం ప్రస్తావన ఎవరు తెచ్చినా, ఎంత తియ్యగా తెచ్చినా, అక్కడే ఆపెయ్. 1961 చట్టం ప్రకారం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే.

ముందు మీ నాన్నగారితో రెండు నెలలు గడువు అడిగించు. ఫ్లాట్లవాళ్లు ఆ మాటకి ఏమంటారో, అబ్బాయి నీకు విడిగా ఫోన్ చేసి ఏమంటాడో చూడు. శ్రావణం దాటినా కార్తీకంలో ముహూర్తాలుంటాయి.