గోడకు మిగిలిన బ్రాకెట్టే మీ సాక్షి

ప్రశ్న: 2024 ఆగస్టులో 55 అంగుళాల టీవీ 58,000 రూపాయలకు కొన్నాం. మంచం పట్టిన నాన్న కోసం అమ్మ దాచుకున్న డబ్బు అది. షాపు వాళ్లే 2,200కి ముందుకు లాగే బ్రాకెట్ అమ్మి, మనిషిని పంపి బిగించారు. ‘హోల్స్ కొంచెం తేడా ఉన్నాయి సార్, పట్టీలు వేసి సర్దేశాను’ అన్నాడా అబ్బాయి. అక్టోబరు 19న టీవీ పడి పగిలింది. బ్రాకెట్ ఇంకా గోడకే ఉంది, చూసినప్పుడల్లా నాన్న కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. షాపు వాళ్లు 20 నెలలుగా ‘చూస్తాం’ అని, ఇప్పుడేమో ఎత్తులో పెట్టమన్నది, వైర్లు దాచింది మీరే అంటున్నారు. వచ్చే వారం ఇంటికి రంగులు వేయిస్తున్నాం. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది కదా, పడిందని చెప్పకుండా తెరలో గీతలొచ్చాయని క్లెయిమ్ చేయమని మా బావమరిది సలహా. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు రంగుల పని ఆపండి. కనీసం ఆ ఒక్క గోడ వదిలేయమనండి.

మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ఒక్కటే, అదీ మీరు బాధతో యథాలాపంగా రాసింది: బ్రాకెట్ ఇంకా గోడకే ఉంది. గోడలోంచి బోల్టులు ఊడి పడితే, గోడ గుల్లదనీ, అది మీ బిల్డరు తప్పనీ షాపు వాదించేది. మీ గోడ పట్టు వదల్లేదు. వదిలింది టీవీకీ బ్రాకెట్‌కీ మధ్య ఉన్న బిగింపు. అది బిగించినవాడి పని.

ఇప్పుడు టేపు తీసుకోండి. టీవీ వెనక నాలుగు స్క్రూ హోల్స్ ఉంటాయి. ఒక హోల్ మధ్య నుంచి పక్క హోల్ మధ్య వరకు అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లో, నిలువుగా ఎన్నో కొలవండి. దీన్నే వీఈఎస్ఏ కొలత అంటారు, టీవీ మాన్యువల్‌లోనూ ఉంటుంది, అడ్డం అంకె ముందు రాస్తారు. తర్వాత బ్రాకెట్ ప్లేటు హోల్స్ కూడా అలాగే కొలవండి. ఉదాహరణకు టీవీ 300 బై 200 అయి, ప్లేటు 200 బై 200 వరకే అయితే, అడ్డంగా ఇటు 50, అటు 50 మిల్లీమీటర్లు తక్కువ. ఆ అబ్బాయి పట్టీలతో పూడ్చింది ఈ తేడానే. టీవీ బరువు నేరుగా ప్లేటు మీద పడకుండా పట్టీ చివర వేలాడుతుంది. కదలని బ్రాకెట్ అయితే అదీ కొన్నాళ్లు నిలబడేదేమో. మీది చేయి చాచే రకం. టీవీని ముందుకు లాగిన ప్రతిసారీ పట్టీ కొంచెం వంగుతుంది, స్క్రూ కొంచెం వదులవుతుంది. రెండు నెలలు పట్టింది, అంతే.

కొలతలు రెండూ సరిపోతే మాత్రం ఈ వాదన పోయినట్టే. అప్పుడు స్క్రూ పొడవు చూడాలి. టీవీ వెనక హోల్ లోతుగా ఉంటే మధ్యలో స్పేసర్ వేసి, దానికి తగ్గ పొడుగు స్క్రూ వాడాలి. పొట్టి స్క్రూ రెండు మూడు చుట్ల మీదే నిలబడుతుంది. టీవీ హోల్‌లో మర చెరిగిపోయి ఉందా, చెక్కు చెదరకుండా ఉందా? చెరిగితే స్క్రూ పీక్కుని వచ్చింది, బాగుంటే వదులై జారింది. రెండింటికీ జవాబు చెప్పాల్సింది షాపే.

ఇవన్నీ మీరు చెబితే చెల్లదు. ఇంజనీరునో, షాపుతో సంబంధం లేని అనుభవజ్ఞుడైన టెక్నీషియన్‌నో పిలిచి, టేపు కనిపించేలా ఫొటోలు తీయించి, ఏది ఎందుకు వదిలిందో సంతకంతో రాయించుకోండి. తర్వాత దాన్నే అఫిడవిట్‌గా దాఖలు చేయవచ్చు. పగిలిన టీవీ, కింద దొరికిన స్క్రూలు, పట్టీలు ఒక్క సంచిలో భద్రంగా ఉంచండి. పాత సామాన్ల వాడికి ఇచ్చేశారా? ఇస్తే నా దగ్గరికి రావడం కూడా దండగ.

బిగించినవాడు షాపు మనిషే అని చూపడం మీకు తేలిక. బ్రాకెట్ బిల్లు, ఇన్‌స్టలేషన్‌కు వచ్చిన ఎస్ఎంఎస్ చాలు. చేతికి డబ్బిచ్చి ఉంటే మాత్రం అది తన ప్రైవేటు పని అంటారు. ఫోన్‌పేలో ఇచ్చారేమో వెతకండి. ఈ మెసేజీలు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, కాబట్టి ఆ ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి.

ఎత్తు గురించి వాళ్లు అన్నది పట్టించుకోనక్కర్లేదు. సోఫాలో కూర్చున్నవారి కళ్లు నేల నుంచి సుమారు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి, టీవీ మధ్య భాగం ఆ దగ్గర ఉండాలి. పడుకుని చూసేవారికి ఇంకొంచెం పైన పెట్టి, కిందికి వంచుతారు. ఎత్తు మెడ నొప్పికి కారణమవుతుంది గానీ స్క్రూ ఊడటానికి కాదు.

వైర్ల మాట అలా కాదు, అక్కడ నాకూ టెన్షనే. చేయి చాచే బ్రాకెట్‌కు వైర్లను చేయి వెంట కట్టి, పూర్తిగా చాచినా బిగుసుకోకుండా ఒక వంపు వదలాలి. మీ ఎలక్ట్రీషియన్ అవి అందంగా కనబడాలని కేసింగ్ పట్టీలోకి బిగించి లాగేసి ఉంటే, టీవీని ముందుకు లాగిన ప్రతిసారీ వైరు వెనక్కి గుంజింది. షాపు లాయరు పట్టుకునేది ఇదే. హెచ్‌డీఎంఐ ప్లగ్ వంగిందా, వైరు తెగిందా చూసి, ఉన్నది ఉన్నట్టు మీ ఇంజనీరుకు చూపించండి. తప్పులో మీ వాటా కొంత ఉందని తేలితే పరిహారం తగ్గొచ్చు. దాచి పెడితే మొత్తం పోతుంది. అన్నట్టు, పవర్ వైరును గోడలో గాడి కొట్టి పుట్టీతో పూడ్చి ఉంటే వెంటనే తీయించండి. అది టీవీ కేసు కాదు, షాకు కేసు అవుతుంది. టీవీ వెనకే ప్లగ్ పాయింట్ పెట్టించుకుని, హెచ్‌డీఎంఐకి వేరే పైపు వేయించాలి.

బావమరిది సలహా పాటించకండి. కిందపడి పగిలిన తెరను సర్వీసు ఇంజనీరు ఒక్క చూపులో గుర్తుపడతాడు, దెబ్బ తగిలిన చోటి నుంచి పగుళ్లు సాలెగూడులా విచ్చుకుంటాయి. అబద్ధం చెప్పి క్లెయిమ్ కోరితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం కేసు మీ మీదే పడొచ్చు. పైగా ‘పడింది’ అని షాపుకి మీరు చేసిన పాత ఫిర్యాదూ, ‘పడలేదు’ అనే ఈ క్లెయిమూ ఒకే ఫైల్లో కనిపిస్తే మీ మాట ఇక ఎవరు నమ్ముతారు?

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం, ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. మీకు అది టీవీ పడ్డ రోజు. అంటే 2026 అక్టోబరు 18 దాటకూడదు. ‘చూస్తాం’ అన్న మాటతో గడియారం ఆగదు, లీగల్ నోటీసుతోనూ, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదుతోనూ ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని కోరవచ్చు గానీ, షాపు తిప్పించిందన్నది గట్టి కారణం కాదు. 20 నెలలు ఫోన్లు చేస్తూ కూర్చోవడం ఓపిక కాదు సార్, అజాగ్రత్త.

షాపుకి 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వండి. జవాబు రాకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా అదే చట్టం సెక్షన్ 35 కింద ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షలలోపు కాబట్టి ఫీజు లేదు. టీవీ, బ్రాకెట్ కలిపి 60,200, వడ్డీ, ఇంజనీరు ఖర్చు, కేసు ఖర్చులు, మానసిక వేదనకు ఒక మోస్తరు మొత్తం అడగండి. నాన్నగారి కన్నీళ్లకు పది లక్షలు అని రాయకండి, అసలు డిమాండు కూడా తేలిపోతుంది. నోటీసు ఇంజనీరు గోడ చూసి వెళ్లాకే పంపండి, ముందు పంపితే షాపు మనిషి ‘ఒకసారి చెక్ చేస్తాం’ అని వచ్చి ఆ బ్రాకెట్ విప్పుకుపోతాడు.