బగారా అన్నానికి వెన్న ఎందుకు మాడుతుంది

చిరంజీవి స్వప్నకు, హనుమకొండ నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

బగారా అన్నానికి వెన్న వేస్తే ఉల్లిగడ్డలు వేయకముందే సాజీర నల్లబడిందని, ఇల్లంతా పొగ కమ్మిందని ఫోన్‌లో చెప్పావు కదా. మసాలాల తప్పేం లేదు బిడ్డా. వెన్నను అది ఓర్చుకోలేని మంట మీద పెట్టినవ్, అంతే.

వెన్నలో కొవ్వు సుమారు 80 శాతమే ఉంటుంది. మిగిలిన దాంట్లో చాలావరకు నీళ్లు, కొంచెం పాల పదార్థం. మాడేది ఆ పాల పదార్థమే. కొవ్వుకు ఏమీ కాకముందే, సుమారు 150 డిగ్రీల దగ్గర అది నల్లబడి పొగ వదులుతుంది. నీళ్లూ పాల పదార్థమూ తీసేసిన కొవ్వు మాత్రం 230, 250 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. నూనెలో గారెలు కాల్చేది 180 డిగ్రీల చుట్టుపక్కల కాబట్టి, నెయ్యికి మన వంటింట్లో ఏ పోపూ ఎక్కువ కాదు.

వెన్నలో కాస్త నూనె కలిపితే మాడదని చాలామంది అంటారు. నమ్మకు. నూనె పోసినా ఆ పాల పదార్థం అందులోనే ఉంటుంది, అదే వేడికి అలాగే మాడుతుంది. కాస్త పలచబడుతుంది, అంతే.

అందుకే ఇంట్లోనే కాచుకో. అరకిలో ఉప్పు లేని వెన్న తీసుకో. ఉప్పు వెన్న వద్దు, ఆ ఉప్పు కొవ్వులో కరగదు, అడుగున పేరుకుంటుంది. మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద పెట్టు. మొదట తెల్లటి నురుగు, పెద్ద బుడగలు, గలగలమని చప్పుడు. అవి నీళ్లు ఆవిరవుతున్న గుర్తు. నీళ్లున్నంతసేపూ వేడి 100 డిగ్రీలకు పెద్దగా మించదు, అందుకే అప్పుడు మాడదు. ఈ భాగానికే ఎక్కువ టైం పడుతుంది, మంట పెంచి తొందరపడకు.

కొంతసేపటికి చప్పుడు తగ్గుతుంది. నురుగు పక్కకు జరిపి చూస్తే కింద కొవ్వు పసుపుపచ్చగా, తేటగా కనిపిస్తుంది. అడుగున తెల్లటి రవ్వలు దిగి ఉంటాయి. ఇక్కడే దించి పైన నురుగు తీసేసి, పలుచటి బట్టలో వడకడితే అది క్లారిఫైడ్ బటర్. వాసన తక్కువ, రుచి సాదా. పాలవాసన లేకుండా వేపుడు చేసుకోవడానికి మంచిది.

నెయ్యి కావాలంటే దించకు, దగ్గరే నిలబడు. చప్పుడు ఆగిపోయాక ఇక కాపాడే నీళ్లు లేవు, వేడి గబగబా ఎక్కుతుంది. మళ్లీ సన్నని నురుగు పొంగుతుంది, అడుగు రవ్వలు లేత గోధుమరంగుకు తిరుగుతాయి, కమ్మటి వాసన మొదలవుతుంది. అప్పుడే రెండు కరివేపాకు రెబ్బలు వేసి దించేయ్. రంగు పూర్తిగా వచ్చేదాకా ఆగితే గిన్నె వేడికే ఆ రవ్వలు నల్లబడి నెయ్యి చేదెక్కుతుంది. క్లారిఫైడ్ బటర్‌కూ నెయ్యికీ తేడా ఆ చివరి నాలుగైదు నిమిషాల వేపుడే, రుచంతా అక్కడే పుడుతుంది. పెరుగు చిలికి తీసిన వెన్నతో కాస్తే ఇంకా ఘుమఘుమలాడుతుంది.

అరకిలోకు దాదాపు 400 గ్రాములు రావచ్చు, వడకట్టేటప్పుడు కొంచెం తగ్గుతుంది. వడకట్టడం మాత్రం బద్ధకించకు. గసి కలిసిపోతే అది వెన్నలాగే మాడుతుంది, నువ్వు పడ్డ కష్టమంతా వృథా. తడి లేని స్టీలు డబ్బాలో పోసి, తడి చెంచా పెట్టకుండా చూడు.

బగారాకు ఈసారి ఇట్లా చెయ్యి. రెండు గ్లాసుల బియ్యానికి మూడు చెంచాల నెయ్యి, సరిపోకపోతే కొంచెం నూనె. అది కాగాక లవంగాలు, సాజీర, బిర్యానీ ఆకు, వెంటనే పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ. ఉల్లిగడ్డ ఎర్రబడే వేడిలో కూడా నెయ్యి నిలబడుతుంది. వెన్న రుచి కావాలంటే అన్నం ఉడికి మంట ఆపేశాక ఒక చెంచా పైన వెయ్యి, మూత పెట్టు. ఆ వేడికి కరుగుతుంది తప్ప మాడదు.

ఇంకొకటి. వెన్న కాచేటప్పుడు వచ్చే తెల్లటి ఆవిరికి భయపడకు, అది పాలవాసన వేసి పోతుంది. నెయ్యి మీద నీలం ఛాయతో సన్నగా పొగ లేచి, కళ్లు మంటపెడితేనే మంట ఆపు. ఆ నెయ్యి పారబొయ్యి, మళ్లీ వాడకు. గారెలు, సకినాలు కాల్చిన నెయ్యి కూడా అంతే, దాంట్లో పిండి రేణువులు కాలి ప్రతిసారీ ఇంకా తక్కువ వేడికే పొగ వస్తుంది. అందుకే నేను సకినాలు నూనెలోనే కాలుస్తాను, నెయ్యి పోపులకూ అన్నానికీ ఉంచుకుంటాను.

వచ్చే ఆదివారం వెన్న కాచినప్పుడు, చప్పుడు ఆగిన దగ్గర నాకు వీడియో కాల్ చెయ్యి. అడుగు రంగు చూసి ఎప్పుడు దించాలో చెప్తాను.

మీ పెద్దమ్మ