ఈమెయిల్ సంతకంలో ఏది ఉండాలి, గోప్యతా నోటీసు ఎంతవరకు కాపాడుతుంది?

ప్రశ్న: మాది సరుకు రవాణా, కస్టమ్స్ క్లియరింగ్ పనులు చేసే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. పని జరిగే ఆఫీసు గాజువాకలో, రిజిస్టర్డ్ ఆఫీసు ఎంవీపీ కాలనీలో ఉన్నాయి. మా మార్కెటింగ్ అధికారి మెయిళ్ల కింద ‘డైరెక్టర్ – బిజినెస్’ అని ఉంటుంది కానీ ఆయన బోర్డులో లేరు. దాని కింద నాలుగు ఫోన్ నంబర్లు, లోగో, గాజువాక చిరునామా, ఇంగ్లిష్‌లో పొడవైన గోప్యతా నోటీసు ఉంటాయి. గత వారం ఒక కస్టమర్‌కు వేసిన రేట్ల పట్టిక పొరపాటున మరొక కస్టమర్‌కు వెళ్లింది. ఆ నోటీసు మమ్మల్ని కాపాడుతుందా? సంతకంలో ఏమేమి మార్చుకోవాలి? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు అన్నిటికన్నా ఎక్కువ నమ్ముకున్న గోప్యతా నోటీసుకే చట్టంలో అన్నిటికన్నా తక్కువ బలం ఉంది. మీరు మామూలుగా తీసుకున్న ఆ హోదా మాత్రం మీ కంపెనీని నిజంగా ఇరకాటంలో పెట్టగలదు. అందుకే ముందుగా హోదా సంగతి చెబుతాను.

2013 కంపెనీల చట్టం ప్రకారం బోర్డులో నియమితుడైన వ్యక్తి మాత్రమే డైరెక్టర్. ఒక ఉద్యోగికి గౌరవం కోసం ‘డైరెక్టర్ – బిజినెస్’ అని పేరు పెట్టినంత మాత్రాన ఆయనకు డైరెక్టరు అధికారాలు రావు. అయితే ఆ హోదాను చూసి కస్టమరు ఏమి నమ్మాడన్నది వేరే విషయం. 1872 కాంట్రాక్టు చట్టం 237వ సెక్షన్ ప్రకారం, ఏజెంటుకు ఒక పని చేసే అధికారం లేకపోయినా, ఆ అధికారం ఉందని ఎదుటివాడు నమ్మేలా యజమాని తన మాటలతో గానీ నడతతో గానీ చేసి ఉంటే, ఆ పనికి యజమాని కట్టుబడాల్సి వస్తుంది. మీ కంపెనీ ఇచ్చిన మెయిల్ ఐడీ నుంచి, మీ కంపెనీ తయారు చేయించిన సంతకంతో, ‘డైరెక్టర్’ అనే హోదాలో ఆయన ఆరు నెలల పాటు ఒకే రేటు ఇస్తామని రాసిచ్చారనుకుందాం. అప్పుడు ‘ఆయనకు అంత అధికారం లేదు’ అనే మీ వాదన చాలా బలహీనపడుతుంది. ఆ ఉద్యోగికీ ఇది క్షేమం కాదు, ఎందుకంటే రేపు ఏ చెక్కు కేసులోనో ఫిర్యాదుదారు ఆ హోదాను చూసి ఆయన పేరునూ నిందితుల జాబితాలో చేర్చవచ్చు. చివరికి బయటపడినా, అంతవరకు కోర్టు వాయిదాలకు తిరిగేది ఆయనే. కనుక నియామక పత్రంలో ఉన్న హోదానే, ఉదాహరణకు ‘మేనేజర్, మార్కెటింగ్’ అని, సంతకంలో వాడండి. రేట్లు ఖాయం చేసే అధికారం ఆయనకు ఎంతవరకు ఉందో బోర్డు తీర్మానంలో రాసుకుని, పెద్ద కస్టమర్లకు ఆ సంగతి ముందే తెలియజేయండి.

ఇక వివరాల విషయానికి వస్తే, కంపెనీల చట్టం 12(3) సెక్షన్ ప్రకారం వ్యాపార లేఖలు, బిల్లులు, నోటీసులు అన్నిటి మీదా కంపెనీ పూర్తి పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, సీఐఎన్ అనే కంపెనీ గుర్తింపు సంఖ్య ముద్రించి ఉండాలి. వాటితో పాటు టెలిఫోన్ నంబరు, ఉన్నట్లయితే ఫ్యాక్స్ నంబరు, ఈమెయిల్, వెబ్‌సైటు చిరునామాలు కూడా ఉండాలి. ఆ సెక్షన్‌లో మెయిల్ అనే మాట విడిగా లేకపోయినా, నేడు వ్యాపార ఉత్తరాలన్నీ మెయిల్ మీదనే నడుస్తున్నాయి, లిఖితపూర్వకంగా ఉండాల్సినవి ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నా చెల్లుతాయని 2000 ఐటీ చట్టం అంగీకరిస్తోంది. కనుక మెయిల్‌నూ వ్యాపార లేఖగానే భావించి నడుచుకోవాలని నా సలహా. ఈ నియమం తప్పితే కంపెనీకీ, బాధ్యులైన అధికారులకూ రోజుకు వెయ్యి రూపాయల చొప్పున, గరిష్ఠంగా లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

మీ సంతకంలో గాజువాక చిరునామా ఉండవచ్చు, కానీ చట్టం అడిగేది ఎంవీపీ కాలనీ చిరునామా. సీఐఎన్ 21 అక్షరాలు, అంకెలు కలిసిన సంఖ్య. దాన్ని మీ ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్‌తోనూ, కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులోని వివరాలతోనూ ఒక్కొక్క అక్షరం చూసి సరిపోల్చుకోండి. పేరు చివర ‘ప్రైవేట్ లిమిటెడ్’ అన్నది తప్పకుండా ఉండాలి. గత రెండేళ్లలో కంపెనీ పేరు మారి ఉంటే పాత పేరు కూడా వేయాలి.

నాలుగు ఫోన్ నంబర్లు అక్కర్లేదు. కంపెనీ ల్యాండ్‌లైను, ఆ అధికారి పని కోసం వాడే ఒక మొబైల్ నంబరు చాలు. సొంత నంబరు పెడితే, ఆయన ఉద్యోగం మానేసిన తర్వాత కూడా మీ కస్టమర్లు ఆయనకే ఫోన్ చేస్తుంటారు. లోగో పెట్టుకోవచ్చు గానీ చట్టం అడిగిన వివరాలను బొమ్మలో పెట్టకండి. చాలా కార్యాలయాల్లో మెయిల్‌లోని బొమ్మలు వాటంతట అవి తెరుచుకోవు, అప్పుడు ఆ వివరాలు లేనట్టే అవుతాయి. ఇది తేల్చుకోవాలంటే, మీకు మీరే ఒక మెయిల్ పంపుకుని, బొమ్మలు చూపించే సదుపాయాన్ని ఆపి, ఫోన్‌లో ఒకసారి, కాగితం మీద ప్రింటు తీసి ఒకసారి చూడండి. పేరు, హోదా, కంపెనీ వివరాలు అక్షరాల రూపంలోనే ఏడెనిమిది వరుసల్లో కనిపించాలి.

ఇప్పుడు నోటీసు సంగతి. ‘ఈ మెయిల్ మీకు పొరపాటున వచ్చినట్లయితే చదవకూడదు, వాడకూడదు, అలా చేస్తే చట్టరీత్యా చర్య తీసుకుంటాం’ అని రాసినంత మాత్రాన, అందుకున్నవాడికి ఏ ఒప్పంద బాధ్యతా ఏర్పడదు. ఒక పక్షం ప్రతిపాదించి, మరొక పక్షం అంగీకరిస్తేనే ఒప్పందం. మౌనంగా ఉన్నవాడు అంగీకరించినట్టు కాదు. పైగా నోటీసు మెయిల్ అడుగున ఉంటుంది కాబట్టి, అతను అక్కడికి వచ్చేలోపే రేట్ల పట్టిక చదివేసి ఉంటాడు. గోప్యమని తెలిసి, లేదా సందర్భాన్ని బట్టి తెలుసుకోగలిగి ఉండి, ఆ సమాచారాన్ని వాడుకున్నవాడిని ఆపమని కోర్టును కోరవచ్చు. అక్కడ నోటీసు ‘అతనికి తెలుసు’ అని చూపించే ఒక చిన్న సాక్ష్యంగా మాత్రమే పనికొస్తుంది. మధ్యాహ్న భోజనం గురించిన మెయిల్‌కూ అదే నోటీసు అంటించి పంపుతుంటే, ఆ సాక్ష్యపు విలువ ఇంకా తగ్గిపోతుంది. ఇంతకన్నా బలమైనవి మూడు ఉన్నాయి. పట్టికలోని ప్రతి పేజీ మీద కస్టమర్ పేరు, ‘గోప్యం’ అనే మాట ఉండాలి, ఫైలుకు పాస్‌వర్డు పెట్టాలి, కస్టమర్‌తో ముందే చేసుకున్న ఒప్పందంలో గోప్యతా షరతు ఉండాలి.

‘ఈ మెయిల్ ద్వారా ఏ ఒప్పందమూ ఏర్పడదు’ అనే వాక్యం కూడా మీ నోటీసులో ఉంటే, దాని మీద మరీ భరోసా పెట్టుకోకండి. మెయిళ్ల ద్వారా కుదిరిన ఒప్పందం చెల్లుతుందని ఐటీ చట్టం 10ఏ సెక్షన్ చెబుతోంది. ట్రైమెక్స్ ఇంటర్నేషనల్, వేదాంత అల్యూమినియం మధ్య నడిచిన కేసులో 2010లో సుప్రీంకోర్టు, మెయిళ్లలో షరతులన్నీ ఖాయమయ్యాక అధికారిక పత్రం రాసుకోలేదన్న కారణంతో ఒప్పందం లేదనడం కుదరదని చెప్పింది. పైన ‘మీ రేటుకు ఒప్పుకున్నాం, సోమవారం కంటైనర్లు పంపండి’ అని రాసి, అడుగున ఆటోమేటిక్‌గా వచ్చే వాక్యంతో దాన్ని కాదనడం కష్టం. రేటు ఇంకా ఖాయం కాలేదనుకుంటే ఆ మాట మెయిల్ మొదటి వాక్యంలోనే, ‘ఇది బోర్డు ఆమోదానికి లోబడిన ప్రతిపాదన మాత్రమే’ అని రాయండి.

నోటీసు ఉంచుకోవాలనుకుంటే రెండు వాక్యాలకు కుదించండి: ‘ఈ మెయిల్ పైన పేర్కొన్న వారికి మాత్రమే ఉద్దేశించినది. పొరపాటున మీకు చేరితే, పంపినవారికి తెలియజేసి తొలగించమని మనవి.’ బెదిరింపులు, సెక్షన్ల పేర్లు వద్దు. ఇక ఇప్పటికే తప్పు చేతిలో పడిన పట్టిక విషయంలో, ఆ కస్టమర్‌కు ఈ రోజే విడిగా మెయిల్ పెట్టి, అది వేరొకరి కోసం తయారైన గోప్య సమాచారమని, వారి పేరు చెప్పకుండానే తెలియజేసి, ఫైలును తొలగించి ఆ సంగతి తిరుగు మెయిల్‌లో ధ్రువీకరించమని కోరండి. ఎప్పుడు పంపారో, ఎప్పుడు జవాబు వచ్చిందో చూపే ఆ మెయిళ్లను ఉన్నవి ఉన్నట్టుగా భద్రపరచండి. కోర్టుకు వెళ్లాల్సి వస్తే వాటిని భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్‌తో దాఖలు చేయాలి.