పిల్లల భాష: నికరాగువా బధిర విద్యార్థులు చూపినది

ప్రశ్న: పిల్లలకు భాష పుట్టుకతో వచ్చే సామర్థ్యమా, లేక పెద్దలు మాట్లాడుతుంటే విని నేర్చుకునేదా?

రెండూ కావాలి. అసలు వివాదం ఏది ఎంత అన్నదాని మీదే. దీన్ని తేల్చాలంటే భాష వినకుండా పిల్లల్ని పెంచి చూడాలి, అది ఎవరూ చేయకూడని పని. అయితే మధ్య అమెరికా దేశమైన నికరాగువాలో అలాంటి పరిస్థితి దానంతట అదే ఏర్పడింది.

1970ల చివర్లో మనాగువా నగరంలో బధిర పిల్లలకు బడి తెరిచారు. అంతకుముందు వారిలో చాలామంది ఇంట్లో సొంతంగా కల్పించుకున్న కొద్దిపాటి సైగలతోనే నెట్టుకొచ్చేవారు. ఉపాధ్యాయులు పెదవుల కదలికను బట్టి స్పానిష్ నేర్పబోయారు, అది పెద్దగా ఫలించలేదు. ఆటస్థలంలో మాత్రం పిల్లల సైగలు కలిసిపోయి కొత్త భాష పుట్టింది.

ఆసక్తికరమైన విషయం తర్వాత జరిగింది. ఒక వస్తువు దొర్లుతూ కిందికి దిగడాన్ని మొదటి తరం విద్యార్థులు ఎక్కువగా ఒకే సైగలో చూపేవారు. చిన్నతనంలోనే చేరిన తర్వాతి తరాలవారు దాన్ని ‘దొర్లు’, ‘దిగు’ అని రెండుగా విడదీసి వరుసగా చెప్పసాగారు. పెద్దవాళ్లను అనుకరించడమే అయితే ఈ విభజన ఎక్కడి నుంచి వచ్చినట్టు? సహజ సామర్థ్య వాదానికి ఇది గట్టి బలమే.

కానీ వ్యాకరణం పుట్టుకతోనే మెదడులో సిద్ధంగా ఉంటుందని దీనితో రుజువు కాదు. దేన్నైనా భాగాలుగా విడదీసి క్రమం వెతికే సాధారణ నేర్పు కూడా ఇదే ఫలితం ఇవ్వగలదు. పైగా ఇళ్లలో ఒంటరిగా ఉన్నంతకాలం ఆ పిల్లల సైగలు పూర్తి భాషగా ఎదగలేదు, బదులిచ్చే తోటివారు దొరికాకే ఎదిగాయి.