‘బాగానే ఉంది’ అన్నారు, ప్రొబేషన్ పొడిగించారు

ప్రశ్న: మాది చిత్తూరు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, రేణిగుంట దగ్గర సర్క్యూట్ బోర్డులు తయారుచేసే యూనిట్‌లో క్వాలిటీ ట్రైనీగా చేరాను. నెలకోసారి ‘నా పని ఎలా ఉంది సార్?’ అని సూపర్‌వైజరును అడిగేవాడిని. ‘బాగానే ఉంది, కానీ’ అనేవారు. ఆరు నెలలు పూర్తయ్యాక ‘కమ్యూనికేషన్ మెరుగుపడాలి’ అని రాసి ప్రొబేషన్ మరో మూడు నెలలు పొడిగించారు. ఇంకెలా అడగాలి?

జవాబు: మీ సూపర్‌వైజరు కావాలని దాచారని నేను అనుకోను. పెళ్లి పంక్తిలో కూర్చున్నవాళ్లను ‘వంట ఎలా ఉంది?’ అని అడిగితే ఉప్పు తక్కువైందని ఎవరు చెబుతారు? ‘రసంలో ఇంకొంచెం ఉప్పు వేయమంటారా?’ అంటే మాత్రం వెంటనే చెబుతారు. మీరు నెలరోజుల పని మీద, అదీ మీ ముఖం మీదే తీర్పు అడిగారు. ఆయన మర్యాదగా తప్పించుకున్నారు.

మీలాంటి ట్రైనీనే ఒకతను తిరుపతిలో నా దగ్గరకు వచ్చాడు. అతనికీ ‘కమ్యూనికేషన్ మెరుగుపడాలి’ అన్న మాటే వచ్చింది. రాత్రి షిఫ్టు దిగేటప్పుడు ఉదయం షిఫ్టుకు రాసే అప్పగింత నోటు తెమ్మన్నాను. ‘42 బోర్డులు రిజెక్ట్ అయ్యాయి. తగిన చర్యలు తీసుకున్నాం.’ అంతే ఉంది. నాకు ఆ నోటులో లోపం కనిపించింది కానీ చెప్పలేదు. దాన్ని వాడుకునేవాళ్లే చెప్పాలి కదా.

ఉదయం షిఫ్టు సహోద్యోగిని ఒకే ప్రశ్న అడగమన్నాను: ‘అన్నా, ఈ వారం నా నోటు చదివాక కూడా మీరు ఎవరినైనా అడిగి తెలుసుకోవలసి వచ్చింది ఏమిటి?’ ఇందులో అతని గురించి అభిప్రాయం అడగడం లేదు, జరిగినదాన్ని గుర్తుచేసుకోమంటున్నాం. జవాబు వెంటనే వచ్చింది: ‘బోర్డులు ఏ మెషీన్ దగ్గర పోయాయో, ఎన్ని గంటల నుంచి పోయాయో నువ్వు రాయవు. రోజూ లైనంతా తిరిగి నేనే కనుక్కుంటున్నాను.’

సూపర్‌వైజరును అడిగిన ప్రశ్న వేరు: ‘సార్, నోటు చేతికి రాగానే మీరు మొదట వెతికేది ఏమిటి? నా నోటులో అది దొరుకుతోందా?’ ఆయన అన్నది ఇదీ: ‘సమస్య ఆగిందా, ఇంకా నడుస్తోందా, అది చెప్పు ముందు.’

మరుసటి వారం అతని నోటు ఇలా మారింది: ‘షార్టులు తగ్గాయి, పూర్తిగా ఆగలేదు. 3 గంటల నుంచి సోల్డర్ పేస్టు ప్రింటర్ దగ్గర పెరిగాయి. స్టెన్సిల్ శుభ్రం చేశాక, 4:30 నుంచి తగ్గాయి. మొదటి గంట చూసుకోండి.’ ‘కమ్యూనికేషన్’ అన్న పెద్ద మాట కింద ఉన్నది ఈ నాలుగు వాక్యాలే.

మీ విషయంలో కూడా ఆ మాట దగ్గరే మొదలుపెట్టండి. ‘సార్, ఇటీవల ఏ సందర్భంలో నేను సరిగా చెప్పలేదనిపించింది?’ అని అడగండి. సందర్భం దొరికితే ‘అప్పుడు నేను ఏం చేసి ఉంటే మీ పని సులువయ్యేది?’ అని మరొకటి. అక్కడితో ఆపండి. షిఫ్టు ముగిసి అందరూ బస్సు వైపు నడిచే వేళ అడగవద్దు. ముందు రోజే చెప్పి పది నిమిషాలు తీసుకోండి, ఆయన ఆలోచించుకుని వస్తారు.

ఆయన చెబుతున్నప్పుడు ‘కాదు సార్, ఆ రోజు మెషీన్...’ అని మొదలుపెట్టారో, ఇక మీకు మళ్లీ ‘బాగానే ఉంది’ తప్ప మరేమీ వినిపించదు. మీ వైపు న్యాయమే ఉన్నా సరే, ఆయన మాటల్లోనే రాసుకుని రండి. వాటిలో ఒక్కదాన్ని మార్చి, రెండు వారాల తర్వాత కొత్త నోటు చేతిలో పెట్టి ‘ఇందులో ఇంకా ఏం కావాలి?’ అని అడగండి. మార్పు చూపించకుండా ఊరికే అడుగుతూ పోతే విసుక్కుంటారు. సహోద్యోగిని వారానికోసారి అడగవచ్చు, సూపర్‌వైజరుకు రెండు వారాలకోసారి చాలు.

ఒక్కోసారి ఇద్దరూ ఎదురెదురు మాటలు చెబుతారు. ఒకరు వివరంగా రాయమంటారు, మరొకరు కుదించమంటారు. ఎవరు దేనికోసం చదువుతున్నారో అడిగితే చిక్కు చాలావరకు విడిపోతుంది. సూపర్‌వైజరుకు మొదటి వాక్యం, సహోద్యోగికి మిగతావి.

ఇలా అడగడాన్నే బలహీనతగా చూసే పైఅధికారులూ ఉంటారు. అక్కడ సహోద్యోగులతోనే కానివ్వండి. అయితే మీకున్నది మూడు నెలలే కాబట్టి ఒక్క విషయం మాత్రం సూపర్‌వైజరునే అడగాలి: ‘కన్ఫర్మ్ చేయడానికి నా పనిలో మీరు చూడాలనుకుంటున్నవి రెండు చెప్పండి సార్.’ ఆయన చెప్పినవి ఆ సాయంత్రమే ఆయనకు మెయిల్‌లో రాసి ‘సరిగా అర్థం చేసుకున్నానా?’ అని పంపండి. మూడో నెల మధ్యలో అదే మెయిల్ తీసి, ఒక్కోదాని గురించి విడివిడిగా అడగండి.