యాప్ తీసేసినా చందా ఆగలేదు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదివేటప్పుడు ఒక చదువుల యాప్‌కు ఏడాది చందా కట్టాం. పరీక్షలు అయ్యాక యాప్ తీసేశాం. ఈ నెల 12న నా ఖాతా నుంచి యూపీఐ ద్వారా మళ్లీ 2,999 రూపాయలు పోయాయి. కంపెనీని అడిగితే తిరిగి ఇవ్వం అంటోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఫోనులోంచి యాప్ తీసేస్తే చందా రద్దు కాదమ్మా. మొదటిసారి కట్టినప్పుడు మీరు పిన్ కొట్టి ఇచ్చిన ఆటోపే అనుమతి, అంటే గడువు రాగానే డబ్బు దానంతట అదే కోసుకునే అనుమతి, మీ ఖాతా మీద అలాగే ఉంది. ముందు దాన్ని తీసేయండి. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిస్తే ఆ కంపెనీ పేరు కనిపిస్తుంది. అక్కడ రద్దు చేసి, ఆ తెరను ఫొటో తీసి దాచుకోండి. తర్వాత చందా కూడా రద్దు చేయమని కంపెనీకి ఈమెయిల్ రాయండి. రెండూ వేరువేరు పనులు. ఒకటి చేస్తే రెండోది దానంతట అది జరగదు.

ఇక పోయిన డబ్బు సంగతి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. కాబట్టి 10, 11 తేదీల్లో వచ్చిన సందేశాలు, ఈమెయిళ్లు, యూపీఐ యాప్ నోటిఫికేషన్లు జాగ్రత్తగా చూడండి. మీ కేసు బలమంతా అక్కడే ఉంది. ఏమీ రాకపోతే అదే మాట రాస్తూ, లావాదేవీ సంఖ్యతో బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. కోపంలో ‘ఎవరో మోసగాడు కాజేశాడు’ అని మాత్రం రాయకండి. మీరు ఇచ్చిన అనుమతి రికార్డులో ఉంటుంది. బ్యాంకు అది చూపించి ఫిర్యాదు మూసేస్తుంది.

సందేశం వచ్చి మీరు చూసుకోకపోయి ఉంటే, నిజం చెప్పాలి, బ్యాంకు దగ్గర మీ వాదన నిలవదు. అప్పుడు కంపెనీనే పట్టుకోవాలి. కొత్త ఏడాదిలో ఒక్క పాఠం కూడా తెరవలేదని, వెంటనే రద్దు చేశామని రాసి, డబ్బు తిరిగి ఇవ్వమని గడువు పెట్టి అడగండి. కంపెనీ ఫోను నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకకండి, అక్కడ దొంగ నంబర్లు పొంచి ఉంటాయి. రసీదులో ఉన్న చిరునామాకే రాయండి.

బ్యాంకు కాదన్నా, 30 రోజుల్లో జవాబివ్వకపోయినా cms.rbi.org.in లో, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. చందా రద్దు చేసుకునే దారిని కావాలని కష్టం చేయడాన్ని 2023 నాటి కేంద్ర మార్గదర్శకాలు నిషేధించాయి. రద్దు మీట ఎక్కడో లోపల దాచి ఉంటే ఆ తెరల ఫొటోలు జతచేయండి. చివరి మెట్టు నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఏ ఊరిదైనా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి రుసుము లేదు. అయితే నెల్లూరు తిరగడానికి అయ్యే ఖర్చు, సమయం లెక్క వేసుకున్నాకే ఆ మెట్టు ఎక్కండి. చాలాసార్లు 1915 ఫిర్యాదు సంఖ్య జతచేసి ఇంకో ఈమెయిల్ పంపి చూడటం మేలు.